ప్లేట్‌లెట్లు 2.6 లక్షలున్నాయి, అయినా పన్ను తీశాక రక్తం ఆగలేదు. ఎందుకు?

శ్రావణి_వి
మా చెల్లికి 24 ఏళ్ళు. పోయిన వారం జ్ఞానదంతం తీయించాం. పొద్దున పదకొండింటికి తీశారు. దూది ఉండ పెట్టి అరగంట గట్టిగా కొరికి పట్టుకోమన్నారు. అరగంటయ్యాక చూస్తే ఎర్రగా నానిపోయింది. ఇంకోటి పెట్టారు, అదీ అంతే. సాయంత్రానికి దిండు గలీబు నిండా మరకలు. రాత్రి మళ్ళీ పరిగెత్తుకెళ్తే కుట్లు వేసి, ఏదో మాత్ర నలిపి దూదిలో పెట్టి కొరికించారు. అప్పటికి తగ్గింది.

రక్తపరీక్షలు చేయించారు. ప్లేట్‌లెట్లు 2.6 లక్షలు. రక్తం గడ్డకట్టే సమయం చూసే పీటీ, ఏపీటీటీ రెండూ నార్మల్. హిమోగ్లోబిన్ మాత్రం 8.9. "అన్నీ బాగానే ఉన్నాయి, అమ్మాయి నాలుకతో కెలికి ఉంటుంది" అని పంపేశారు. గాయానికి మొదట అడ్డం పడేది ప్లేట్‌లెట్లే అని బళ్ళో చదువుకున్నాం కదా. అన్ని లక్షలుండి పంటి గుంట పూడ్చలేకపోతే అవి ఉండి ఏం లాభం?

బావగారు72
విటమిన్ కె తక్కువై ఉంటుంది. ఈ కాలం పిల్లలు ఆకుకూర ముట్టరు. తోటకూర, పాలకూర రోజూ పెట్టండి, రక్తం దానంతటదే గడ్డకడుతుంది.

నల్గొండ_నవీన్
నాకు పోయినేడు డెంగీ వచ్చినప్పుడు 18 వేలకు పడిపోయినయ్. మా అత్త బొప్పాయాకు రసం తాపింది, మూడు నాలుగు రోజులల్ల లక్ష దాటినయ్. మీ చెల్లెకు గూడ తాపుండ్రి.

అర్ధరాత్రి_చాయ్
నవీన్ భాయ్, ఆ అమ్మాయికి ఉన్నవే 2.6 లక్షలు. ఇంకా తాపితే ఎక్కడ పెట్టుకోవాలి?

నల్గొండ_నవీన్
అయితే గిదేం లెక్క? 18 వేలున్నోనికి ఒక్క చుక్క కారలే, రెండున్నర లక్షలున్నామెకు ఆగలే!

పళ్ళ_డాక్టరమ్మ
నేను పళ్ళ డాక్టర్ని. నూటికి తొంభై సార్లు కారణం చాలా మామూలుగా ఉంటుంది. మాటిమాటికీ ఉమ్మేయడం, పుక్కిలించడం, ఆ రోజే వేడి కాఫీ తాగడం. అప్పుడే కూర్చున్న గడ్డ ఊడిపోతుంది. ముందు అవి జరగలేదని తేల్చుకోండి, తర్వాత పెద్ద జబ్బుల గురించి ఆలోచించవచ్చు.

శ్రావణి_వి
ఉమ్మలేదండి. గిన్నె పెట్టుకుని తల వంచి కూర్చుంది, అదే జారిపోయింది. వేడిది ఏమీ తాగలేదు, ఆ రోజంతా చల్లని మజ్జిగే.

ల్యాబ్_సూరి
@బావగారు72 విటమిన్ కె తగ్గితే ముందు పీటీ పెరుగుతుందండీ. ఆవిడ పీటీ నార్మల్ అని రాశారు. తోటకూర మంచిదే, కాకపోతే ఇక్కడ పని చేయదు.

శ్రావణి గారూ, నేను హెమటాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. డాక్టర్ని కాదు, కానీ ఇలాంటి శాంపిల్స్ చాలా చూస్తాను. నాలుగు సంగతులు చెప్పండి. పన్ను పీకిన క్షణం నుంచి రక్తం ఆగకుండా కారిందా, లేక ఒకసారి బాగా ఆగిపోయి, కొన్ని గంటల తర్వాత మళ్ళీ మొదలైందా? నెలసరి ఎలా ఉంటుంది? చిన్నప్పుడు ముక్కు నుంచి రక్తం కారేదా? ఆస్పిరిన్ గానీ, నొప్పి మాత్రలు గానీ ముందు రోజుల్లో వేసుకుందా?

శ్రావణి_వి
అసలు ఆగనే లేదు, మొదటి నిమిషం నుంచీ అంతే. ధార కాదు, ఊరుతూనే ఉంది.

నెలసరి ఎనిమిది తొమ్మిది రోజులు. మొదటి మూడు రోజులు రాత్రిళ్ళు కింద తువ్వాలు పరుచుకుని పడుకుంటుంది. ఐదో క్లాసు దాకా ఎండాకాలంలో ముక్కు కారేది, అమ్మ తడిగుడ్డ వేసేది. మంచానికి కాలు తగిలితే నల్లగా కమిలిపోతుంది. అమ్మను అడిగితే "మా ఇంటి ఆడవాళ్ళందరికీ ఇంతే, ఇందులో వింతేముంది" అంది. మందులేవీ లేవు. పీకాక మాత్రం నొప్పికి ఇబుప్రోఫెన్ ఇచ్చారు.

పళ్ళ_డాక్టరమ్మ
ఈ చరిత్ర వింటే నేను నా మొదటి మాట మీద పట్టుపట్టను. "ఇంటి ఆడవాళ్ళందరికీ ఇంతే" అన్నప్పుడు రక్తపు జబ్బులు చూసే హెమటాలజిస్టుకి చూపించి తీరాలి. ఇబుప్రోఫెన్, డైక్లోఫినాక్ ఇప్పుడు ఆపేయండి, నొప్పికి పారాసిటమాల్ చాలు.

ల్యాబ్_సూరి
నవీన్ వేసిన ప్రశ్నే అసలు ప్రశ్న. మెషిన్ ఇచ్చే 2.6 లక్షలు అనేది ఒక మైక్రోలీటరులో ఎన్ని తలకాయలున్నాయో చెప్పే లెక్క. అవి పని చేస్తున్నాయా, వాటికి గోడను పట్టుకోవడానికి కావాల్సినది రక్తంలో ఉందా అనేది ఆ లెక్కలో ఉండదు. కొంచెం నిదానంగా చెప్తాను, ఓపిక పట్టండి.

ప్లేట్‌లెట్ అంటే కణం కూడా కాదు, ఎముక మజ్జలో ఒక పెద్ద కణం నుంచి తెగిపడిన ముక్క. వెడల్పు రెండు మూడు మైక్రాన్లు. కేంద్రకం లేదు. వారం పది రోజులు తిరిగి పోతుంది. ఆరోగ్యంగా ఉన్న రక్తనాళంలో ఇది గోడకు అంటుకోదు, ఎందుకంటే లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్ అనేవి వదులుతూ దాన్ని దూరంగా ఉంచుతుంది. నాళం తెగితే ఆ పొర చిరిగి, కింద ఉన్న కొలాజెన్ పోగులు రక్తానికి తగులుతాయి. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. చిన్న ధమనుల్లో గోడ దగ్గర రక్తం చాలా ఒరిపిడితో పరిగెడుతుంది. ఆ వేగంలో ప్లేట్‌లెట్ సొంతంగా కొలాజెన్‌ని పట్టుకుని నిలబడలేదు. ఆర్టీసీ బస్సు కదులుతుండగా ఎక్కాలంటే ఫుట్‌బోర్డు దగ్గర కమ్మీ దొరకాలి కదా, అలాంటి కమ్మీ కావాలి. దాని పేరు వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్. అది ప్లాస్మాలో చుట్ట చుట్టుకుని తిరిగే పొడవాటి ప్రోటీన్ గొలుసు. మామూలప్పుడు ప్లేట్‌లెట్ దాన్ని పట్టించుకోదు. చిరిగిన చోట కొలాజెన్‌కి ఒక కొస అతుక్కున్నాక, పరిగెత్తే రక్తమే ఆ చుట్టను లాగి సాగదీస్తుంది. సాగితేనే అందులో దాగి ఉన్న పట్టు బయటికి వస్తుంది. పక్కగా పోతున్న ప్లేట్‌లెట్ తన మీదున్న జీపీ వన్‌బీ అనే దానితో ఆ పట్టును అందుకుంటుంది. ఆ పట్టు గట్టిది కాదు. ప్లేట్‌లెట్ పట్టుకుంటుంది, వదులుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది, దొర్లుతూ నెమ్మదిస్తుంది. నెమ్మదించాకే కొలాజెన్‌ని నేరుగా పట్టుకోగలుగుతుంది.

రక్తం ఎంత వేగంగా పోతే ఆ గొలుసు అంత బాగా సాగుతుంది, అంత బాగా పట్టుకుంటుంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో ముచ్చటేసేది ఇదే.

గోదారి_గాలి
ఆయ్, సూరి గారూ, ఆగండాగండి. అంటే ఒకటి అంటుకుంటే సరిపోద్దా? గుంటంతా ఒక్క ప్లేట్‌లెట్ పూడ్చదు కదండీ.

ల్యాబ్_సూరి
@గోదారి_గాలి పూడ్చదు. అంటుకున్నది మిగతావాటిని పిలవాలి. కొలాజెన్ తగలగానే అది రూపం మార్చేస్తుంది. అప్పటిదాకా బిళ్ళలా ఉన్నది కొన్ని సెకన్లలో ముళ్ళు తన్నుకొస్తున్నట్టు కాళ్ళు చాపుతుంది. మైక్రోస్కోప్ కింద రెండింటినీ పక్కపక్కన చూస్తే ఒకటే వస్తువని నమ్మడం కష్టం. లోపలున్న సంచుల్లోంచి ఏడీపీ బయటికి గుమ్మరిస్తుంది, అప్పటికప్పుడు థ్రాంబాక్సేన్ తయారు చేసి వదులుతుంది. ఈ రెండూ పక్కనుంచి పోయే ప్లేట్‌లెట్లకు పిలుపు. పిలుపు అందినవాటి మీద జీపీ టూబీ త్రీఏ అనేది తెరుచుకుంటుంది. ఒక్కో ప్లేట్‌లెట్ మీద అవి దాదాపు 80 వేలు ఉంటాయి. ఆ తెరుచుకున్నవాటికి రక్తంలో ఉండే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ అటొక కొస, ఇటొక కొస పట్టుకుని ప్లేట్‌లెట్‌ని ప్లేట్‌లెట్‌కి కలుపుతుంది. అలా పేరుకున్న ముద్దే మొదటి అడ్డుకట్ట.

ఫైబ్రిన్ వల దాని మీద అల్లుకోవడం తర్వాతి పని. పీటీ, ఏపీటీటీ కొలిచేది ఆ వలకు సంబంధించిన ఫ్యాక్టర్లనే. ప్లేట్‌లెట్లు తీసేసిన ప్లాస్మాతో చేస్తారు వాటిని. కాబట్టి "పీటీ నార్మల్, ఏపీటీటీ నార్మల్" అంటే మొదటి అడ్డుకట్ట బాగుందని అర్థం కానే కాదు.

నేను మొదట అడిగిన ప్రశ్న ఇందుకే. హీమోఫీలియా ఉన్నవాళ్ళకి ఈ ముద్ద బాగానే పడుతుంది, పన్ను తీశాక కాసేపు ఆగినట్టే ఉంటుంది. వల సరిగా అల్లుకోక గంటల తర్వాత మళ్ళీ మొదలవుతుంది. వాళ్ళకి కీళ్ళలో, కండల్లో రక్తం చేరుతుంది. మొదటి నిమిషం నుంచే ఆగకపోవడం, ముక్కు, చిగుళ్ళు, నెలసరి, ఇవన్నీ ముద్ద పడటంలో లోపాన్ని చూపిస్తాయి.

నల్గొండ_నవీన్
మరి నా సంగతేంది సూరన్నా? 18 వేలతోని ఎట్ల నడిచింది?

ల్యాబ్_సూరి
మీకు గాయం కాలేదు, పన్ను పీకించుకోలేదు, అదొకటి. ఉన్న 18 వేలూ పని చేసేవి, మీ కమ్మీ బాగుంది, అది రెండోది. దానంతటది రక్తం కారడం ఎక్కువగా 10 వేల కిందికి పడ్డప్పుడు చూస్తాం. డెంగీలో అసలు ప్రమాదం నాళాల్లోంచి ప్లాస్మా కారి బీపీ పడిపోవడం, కౌంటు ఒక్కటే చూసుకుంటూ కూర్చుంటే అది దాటిపోతుంది. జ్వరం దిగాక కౌంటు మామూలుగానే పెరుగుతుంది, బొప్పాయి తాగినా తాగకపోయినా.

నల్గొండ_నవీన్
మా అత్త ముందట మాత్రం ఈ మాట అనకు అన్నా. ఆమె లెక్కల నన్ను బతికిచ్చింది ఆ ఆకే.

డల్లాస్_బాబాయ్
మా నాన్నగారికి స్టెంట్ ఉంది, రోజూ ఆస్పిరిన్ 75. ఆయన గడ్డం గీసుకుంటే చిన్న గాటు కూడా పదిహేను నిమిషాలు ఊరుతుంది. కౌంటు నార్మల్. ఇదీ అదే జబ్బా?

ల్యాబ్_సూరి
కాదు. ఆయనకి కమ్మీ ఉంది, ప్లేట్‌లెట్ ఎక్కుతుంది కూడా. తెగేది పిలుపు దగ్గర. ఆస్పిరిన్ థ్రాంబాక్సేన్ తయారుచేసే ఎంజైమ్‌ని శాశ్వతంగా మూసేస్తుంది. కేంద్రకం లేదన్నాను కదా, కాబట్టి ప్లేట్‌లెట్ కొత్త ఎంజైమ్ చేసుకోలేదు. అది బతికినన్నాళ్ళూ అంతే. మాత్ర ఆపితే రోజుకి సుమారు పదో వంతు కొత్తవి వస్తాయి, అలా కోలుకోవాలి. ఇబుప్రోఫెన్ కూడా అదే ఎంజైమ్ మీద పనిచేస్తుంది గానీ పట్టు తాత్కాలికం, మందు ఒంట్లోంచి పోతే పనితనం తిరిగొస్తుంది. శ్రావణి గారి చెల్లికి ముందే బలహీనంగా ఉన్న ముద్ద మీద ఇది కూడా పడింది.

డల్లాస్_బాబాయ్
పోయినసారి ఇండియా వచ్చినప్పుడు పన్ను తీయించాలని ఐదు రోజులు ఆస్పిరిన్ మేమే ఆపేశాం. హార్ట్ డాక్టర్ ఫోన్లో వాయించేశాడు.

పళ్ళ_డాక్టరమ్మ
వాయించాల్సిందే. ఒక్క పన్ను తీయడానికి ఆస్పిరిన్ ఆపం. కాసేపు ఎక్కువ ఊరుతుంది, గట్టిగా అదిమితే, ఒక కుట్టు వేస్తే ఆగుతుంది. స్టెంట్ మూసుకుపోతే కుట్టు వేయలేం.

బావగారు72
మా పక్కింటాయన ఆపాడు, ఏం కాలేదు.

పళ్ళ_డాక్టరమ్మ
హెల్మెట్ లేకుండా వెళ్ళి క్షేమంగా ఇంటికొచ్చినవాళ్ళు కూడా చాలామంది ఉన్నారండీ.

అమ్మ_ఆఫ్_చిన్ను
ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోయేదాన్ని, ఇది చూశాక రాయాలనిపించింది. మా బాబుకి గ్లాంజ్‌మన్ అని పుట్టుకతో వచ్చే ప్లేట్‌లెట్ల జబ్బు. మాది మేనరికం. పుట్టిన కొన్నాళ్ళకే ఒంటి మీద ఎర్ర చుక్కలు, పాలపళ్ళు ఊడినప్పుడల్లా ఆసుపత్రే. కౌంటు ఎప్పుడు చూసినా మూడు లక్షలు. రెండేళ్ళు "కౌంటు బాగుంది కదమ్మా" అన్న మాటే విన్నాం. సూరి గారు చెప్పిన ఆ టూబీ త్రీఏ వాడికి లేదట. గోడకి అంటుకుంటాయి, ఒకదానికొకటి అంటుకోవు.

గోదారి_గాలి
అయ్యో. మరి ఏం చేస్తారండీ అలాంటప్పుడు? ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారా?

అమ్మ_ఆఫ్_చిన్ను
మొదట్లో ఎక్కించారు, పని చేసింది. ఇప్పుడు బాగా అవసరమైతేనే అంటున్నారు. వాడి ఒంట్లో ఎప్పుడూ లేని ప్రోటీన్ కాబట్టి ఎక్కించినవాటిని శత్రువులనుకుని యాంటీబాడీలు తయారవుతాయట, అప్పుడు నిజంగా అవసరమైన రోజున ఎక్కించినవీ పనిచేయవు. ముక్కు నుంచి రక్తం కారితే ముందుకు వంగి కూర్చోబెట్టి మెత్తటి భాగం నొక్కిపట్టడం, కట్టిన గడ్డ కరగకుండా ఆపే ట్రానెక్సమిక్ యాసిడ్, దానితోనే ఎక్కువసార్లు నెట్టుకొస్తున్నాం. బడి బ్యాగులో ఒక చీటీ పెట్టాను, ఏ మందులు వేయకూడదో రాసి.

ల్యాబ్_సూరి
@అమ్మ_ఆఫ్_చిన్ను మీ బాబు రిపోర్టులో ఒక విచిత్రం కనిపించి ఉంటుంది. గొట్టంలో ఏడీపీ వేసినా, కొలాజెన్ వేసినా గ్రాఫు కదలదు. రిస్టోసెటిన్ వేస్తే మాత్రం కదులుతుంది. రిస్టోసెటిన్ ఒకప్పుడు యాంటీబయాటిక్. రోగులకి కౌంటు పడిపోతోందని మార్కెట్లోంచి తీసేశారు. అది ప్లేట్‌లెట్లను వాన్ విల్లీబ్రాండ్ గొలుసుకు అతికిస్తోందని తేలాక, మందుగా చచ్చిపోయి ల్యాబులో పరీక్ష ద్రావణంగా బతికింది. మీ బాబుకి గోడ పట్టు బాగుంది, అందుకే రిస్టోసెటిన్‌కి స్పందన ఉంటుంది. శ్రావణి గారి చెల్లి లాంటివాళ్ళకి అనుమానం సరిగ్గా దీనికి తలకిందులు, ప్లేట్‌లెట్లు బాగుండి ఆ గొలుసే తక్కువ ఉండే వాన్ విల్లీబ్రాండ్ జబ్బు.

శ్రావణి గారూ, మూడు పరీక్షలు అడగండి. ఆ గొలుసు ఎంత ఉందో చెప్పే వాన్ విల్లీబ్రాండ్ యాంటిజెన్, అది ఎంత పనిచేస్తోందో చెప్పే యాక్టివిటీ, వల అల్లడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8. వేలు గుచ్చి రక్తం ఎంతసేపటికి ఆగుతుందో చూసే బీటీ, ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే సీటీ మీద ఆధారపడకండి. తేలికపాటి లోపం ఉన్నవాళ్ళలో చాలామందికి బీటీ నార్మల్‌గానే వస్తుంది.

శ్రావణి_వి
హిమోగ్లోబిన్ 8.9 గురించి ఎవరూ ఏమీ అనలేదు. అది నెలసరి వల్ల పోయిందే కదా? దీనికీ దానికీ సంబంధం ఉందా?

ల్యాబ్_సూరి
రెండు వైపులా ఉంది. నెలనెలా పోయిన రక్తంతో ఐరన్ తగ్గి హిమోగ్లోబిన్ పడింది, అది మీరూహించిందే. రెండో వైపు చాలామందికి తెలియదు. నాళంలో ఎర్రకణాలు నడిమధ్యన ప్రవహిస్తాయి, ఆ తోపులాటలో తేలికైన ప్లేట్‌లెట్లు గోడ అంచుకు నెట్టబడతాయి. చిరుగు పడేది గోడకే కాబట్టి అవి అక్కడే ఉండటం మేలు. ఎర్రకణాలు తగ్గితే ఆ నెట్టుడు తగ్గుతుంది, గోడ పక్కన ప్లేట్‌లెట్లు పలచబడతాయి. రక్తహీనత ఉన్నవాళ్ళకి రక్తం ఆగడం ఆలస్యమవుతుంది, ఎర్రకణాలు పెరిగితే ఆ ఆలస్యం తగ్గుతుంది. ఐరన్ మొదలుపెట్టడానికి మిగతా పరీక్షల కోసం ఆగక్కర్లేదు, డాక్టర్ని అడగండి.

చరిత్ర_పిచ్చి
ఈ వాన్ విల్లీబ్రాండ్ ఫిన్లండ్ డాక్టర్. 1924లో ఆలాండ్ దీవుల్లోని ఫ్యోగ్లో అనే చోటు నుంచి ఐదేళ్ళ పాపను ఆయన దగ్గరికి తీసుకొచ్చారు. పాప పేరు యోర్డిస్. పెదవి కోసుకుని మూడేళ్ళప్పుడే చావు దాకా వెళ్ళొచ్చింది. ఇంట్లో ఎందరికో ఇదే తీరు. 1926లో ఆయన రాసింది ఆ కుటుంబం గురించే. హీమోఫీలియా మగపిల్లలకే కదా, ఇక్కడ ఆడవాళ్ళకి ఎక్కువ కనబడుతోంది, పైగా కౌంటు బాగానే ఉంది. ఇది వేరే జబ్బని ఆయన పట్టుకున్నది అక్కడే. ఆ పాప 13 ఏళ్ళకి, నాలుగో నెలసరిలో చనిపోయింది.

గోదారి_గాలి
నెలసరిలోనా? అలా కూడా అవుద్దా...

ల్యాబ్_సూరి
ఆ అమ్మాయిది చాలా తీవ్రమైన రకం, ఆ గొలుసు దాదాపు లేనట్టే. మనం ఇక్కడ మాట్లాడుతున్నది తేలిక రకం గురించి. శ్రావణి గారూ, భయపడకండి.

శ్రావణి_వి
రిపోర్టులు వచ్చాయి. యాంటిజెన్ 41, యాక్టివిటీ 36, ఫ్యాక్టర్ 8 మాత్రం 58. బ్లడ్ గ్రూప్ ఓ పాజిటివ్. కాగితం మీద నార్మల్ 50 నుంచి అని ఉంది. హెమటాలజిస్టు గారు "అవును అనిపిస్తోంది, కానీ ఇంకోసారి చేద్దాం" అన్నారు. తేలిపోతుందనుకుంటే మళ్ళీ ఇదేమిటి?

ల్యాబ్_సూరి
ఆయన సరిగ్గా చేశారు. ఈ అంకె ఒక చోట నిలబడేది కాదు. జ్వరం వచ్చినా, కంగారు పడినా, పరిగెత్తుకుని వచ్చి సూది పొడిపించుకున్నా పెరుగుతుంది. గర్భంతో ఉంటే బాగా పెరుగుతుంది. కాబట్టి ఒక్కసారి నార్మల్ వచ్చిందని లేదనలేం, ఒక్కసారి తక్కువ వచ్చిందని ముద్ర వేయడమూ తొందరే. చెల్లిని అరగంట కూర్చోబెట్టి తీయించండి, జలుబు ఉంటే వాయిదా వేయండి. రక్తం తీసిన గొట్టాన్ని ఫ్రిజ్‌లో పెట్టి పంపే సెంటర్లు ఉన్నాయి, అక్కడ వద్దు. చల్లబడితే అంకె అబద్ధంగా తగ్గుతుంది. పరీక్ష చేసే ల్యాబులోనే నేరుగా ఇవ్వండి.

వైద్యవిద్యార్థి_విజ్జు
నాకో అభ్యంతరం. ఓ గ్రూపు వాళ్ళందరికీ ఈ ఫ్యాక్టర్ మిగతా గ్రూపుల కంటే పాతిక శాతం దాకా తక్కువే ఉంటుంది. 41ని జబ్బు అంటే మన ఊళ్ళో ఓ గ్రూపు వాళ్ళలో ఎంతమందికి జబ్బు అంటగట్టాలి? మా ప్రొఫెసర్ 30 కిందికి పడితేనే జబ్బు అంటారు, పైన ఉన్నది "తక్కువ" మాత్రమే.

ల్యాబ్_సూరి
మీ ప్రొఫెసర్ మాటకి బలం ఉంది. కానీ 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు 30 కింద అయితే లక్షణాలతో పనిలేకుండా జబ్బే అన్నాయి, 30 నుంచి 50 మధ్యలో ఉండి రక్తస్రావ చరిత్ర కూడా ఉంటే అదీ జబ్బే అన్నాయి. ఈ అమ్మాయికి పన్ను, నెలసరి, ముక్కు, కమలడం, తల్లి వైపు చరిత్ర అన్నీ ఉన్నాయి. గ్రూపు ఓ కాబట్టి తక్కువ ఉందంటే, ఆ తక్కువతోనే కదా ప్లేట్‌లెట్ గోడను పట్టుకోవాల్సింది.

వైద్యవిద్యార్థి_విజ్జు
పేరు పెట్టేస్తే పెళ్ళి సంబంధాల దగ్గర, ఇన్సూరెన్సు దగ్గర అది ఆమె వెంట తిరుగుతుంది సార్. తక్కువ ఉంది అని రాసి, అవసరమైనప్పుడు వైద్యం చేస్తే సరిపోదా?

పళ్ళ_డాక్టరమ్మ
"తక్కువ ఉంది" అని రాస్తే రేపు కాన్పు దగ్గర ఎవరూ పట్టించుకోరు విజ్జూ. కాన్పయ్యాక ఆ అంకె మళ్ళీ కిందికి దిగుతుంది, రక్తం అప్పుడు పోతుంది. పేరుంటే ఎవరో ఒకరు చూస్తారు.

వైద్యవిద్యార్థి_విజ్జు
అది నిజమే కానీ, నేను ఇంకా ఒప్పుకోలేదు. రెండో రిపోర్టు రానీండి.

శ్రావణి_వి
మీరిద్దరూ కొట్టుకునేలోపు మా సందేహం ఒకటి. రెండో వైపు జ్ఞానదంతం కూడా తీయాలట. ఈసారి ఏం చేస్తారు?

పళ్ళ_డాక్టరమ్మ
హెమటాలజిస్టుతో మాట్లాడకుండా ఎవరూ చేయి పెట్టకూడదు. సాధారణంగా ట్రానెక్సమిక్ యాసిడ్ ముందు రోజు నుంచో, ఆ పూట నుంచో మొదలుపెట్టి కొన్ని రోజులు కొనసాగిస్తాం, నోట్లో పుక్కిలించడానికి కూడా ఇస్తాం. మీ చెల్లికి ఆ రాత్రి నలిపి పెట్టింది అదే అయి ఉంటుంది. అది ప్లేట్‌లెట్లకు ఏమీ చేయదు. నోట్లో, గర్భసంచిలో కట్టిన గడ్డని కరిగించేసే గుణం ఎక్కువ, ఆ కరగడాన్ని ఆపుతుంది. మొదటి ముద్ద బలహీనంగా ఉన్నప్పుడు కట్టినదైనా నిలవాలి కదా.

ల్యాబ్_సూరి
డెస్మోప్రెసిన్ అని ఇంకోటి ఉంది. నాళం లోపలి పొరలో నిల్వ ఉన్న గొలుసుని బయటికి వదిలిస్తుంది, అరగంట గంటలో అంకె రెండు మూడింతలు కావచ్చు. అందరికీ పని చేయదు, కాబట్టి ముందే ఒకసారి ఇచ్చి, మళ్ళీ రక్తం తీసి చూస్తారు. వెంటవెంటనే ఇస్తే నిల్వ ఖాళీ అయి ఫలితం తగ్గుతుంది. వాడిన రోజు నీళ్ళు మితంగా తాగాలి, లేదంటే సోడియం పడిపోతుంది. ఆ పరీక్ష చేయాలో వద్దో హెమటాలజిస్టు చెబుతారు.

శ్రావణి_వి
సరే. అమ్మని కూడా పరీక్షకి ఒప్పించాను. "ఈ వయసులో నాకెందుకే" అంటోంది కానీ, మోకాలి ఆపరేషన్ ఉంది కదా అంటే సరే అంది.

ల్యాబ్_సూరి
మంచి పని చేశారు. ఒక్క సంగతి, వయసుతో ఈ అంకె పెరుగుతూ వస్తుంది. అమ్మకి ఇప్పుడు 60 వచ్చినా, చిన్నప్పటి చరిత్ర డాక్టరుకి చెప్పండి. కాన్పుల్లో ఎంత పోయిందో, ఎప్పుడైనా రక్తం ఎక్కించారో అడిగి రాసుకోండి.

అమ్మ_ఆఫ్_చిన్ను
శ్రావణీ, ఆ బ్యాగు చీటీ నమూనా కావాలంటే పంపిస్తాను. మందుల పేర్లు తెలుగులో, ఇంగ్లీషులో రెండింట్లో రాశాను, మా ఊరి మందుల షాపు అబ్బాయికి కూడా ఒకటి ఇచ్చాను.

శ్రావణి_వి
పంపండక్కా, తప్పకుండా.

కొత్తసభ్యుడు_రాజు
మొత్తం చదవలేదు. మా తాతయ్య రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారు, గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే ఐఎన్ఆర్ 4 దాటింది, ప్లేట్‌లెట్లు పెరగడానికి ఏం తినాలి?

అర్ధరాత్రి_చాయ్
రాజు గారూ, వార్ఫరిన్ ప్లేట్‌లెట్ల జోలికి పోదు, అది అడ్డుకునేది విటమిన్ కె పనిని. పైన బావగారి తోటకూర ఉంది చూడండి, మీ తాతయ్య విషయంలో దానికి నిజంగానే సంబంధం ఉంది. కానీ తినిపించేముందు ఆ ఐఎన్ఆర్ కాగితం పట్టుకుని ఈరోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మాత్ర మోతాదు ఆయనే మార్చాలి.

బావగారు72
చూశారా, తోటకూర.